మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడటం ఎలా: ఎస్‌ఎఫ్‌టీ రేటు, ఐటమ్ రేటు, ‘ఓనర్ స్కోప్’లో దాక్కున్న ఖర్చులు

ఖమ్మంలో మా చిన్నమ్మ కొడుకు 200 గజాల్లో ఇల్లు మొదలుపెట్టే ముందు మూడు కొటేషన్లు తెచ్చి నా ముందు పెట్టాడు. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. మొదటి కాంట్రాక్టర్ ఎస్‌ఎఫ్‌టీకి 1,850 అన్నాడు, రెండో ఆయన 2,100 అన్నాడు. మూడో ఆయన ఎస్‌ఎఫ్‌టీ లెక్కే చెప్పలేదు. నాలుగు పేజీల లిస్టులో ఒక్కో పనికి ఒక్కో రేటు వేసి, చివర 53,80,000 అని తేల్చాడు. “అన్నా, 1,850 ఆయనకే ఇచ్చేద్దామా? అడుగుకు 250 తేడా అంటే మాటలు కాదు కదా” అన్నాడు మా తమ్ముడు. సివిల్ ఇంజినీరుగా సైట్ల మీద ఇలాంటి కాగితాలు చాలా చూశాను కాబట్టి, ఆ రాత్రి కూర్చుని మూడింటినీ ఒకే కొలతకు తెచ్చాం. మీ చేతిలోనూ ఇలాంటి కొటేషన్లు ఉంటే అదే వరుసలో చేసి చూడండి. ఇందులోని ధరలు ఆ ఇంటివి. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి, చూసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు గుంత తీయించండి, తర్వాతే కొటేషన్ అడగండి

ముగ్గురికీ ఒకే ప్రశ్న వేయకుండా ముగ్గురి జవాబులు పోల్చలేం. మా తమ్ముడు ముగ్గురికీ ప్లాన్ కాగితం ఒక్కటే చూపించాడు. పునాది ఎంత లోతు, బేస్‌మెంట్ ఎంత ఎత్తు, స్టీలు ఎంత అన్నవి అందులో లేవు. ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు. మొదటాయన కాగితంలో చిన్నగా ‘పునాది 5 అడుగుల వరకు, ఆపై అదనం’ అని ఉంది.

ఆ స్థలం నల్లరేగడి. జేసీబీని పిలిపించి రెండు మూలల్లో గుంతలు తీయించాం. గట్టి మొరం ఆరున్నర అడుగుల దగ్గర తగిలింది. అంటే ఆ 5 అడుగుల మాటతో సంతకం పెట్టి ఉంటే, పని మొదలైన మొదటి వారంలోనే ‘అదనం’ మొదలయ్యేది. అప్పటికి అడ్వాన్సు ఆయన చేతిలో ఉంటుంది, గుంతలు మీ స్థలంలో ఉంటాయి, బేరం ఆడే బలం మీకు ఉండదు.

అందుకని గుంత చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఫుటింగ్, పిల్లర్, బీమ్, స్లాబ్ డ్రాయింగులు గీయించి ముగ్గురికీ తలా ఒక సెట్టు ఇచ్చాం. ఆరున్నర అడుగుల లోతుకు మళ్లీ రాసి ఇమ్మన్నాం. డ్రాయింగుల ఫీజు దండగ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను అడిగితే ఇంటి మొత్తం ఖర్చులో అంతగా అక్కరకొచ్చే డబ్బు మరొకటి లేదు. ఆ డ్రాయింగు లేకపోతే ఎస్‌ఎఫ్‌టీ రేటుకు అర్థమే లేదు.

ఎస్‌ఎఫ్‌టీ అంటే దేని ఎస్‌ఎఫ్‌టీ?

కొత్త కొటేషన్లు వచ్చాక నేను మొదట చూసింది రేటు కాదు, ఆ రేటును ఏ వైశాల్యంతో గుణించారన్నది. మా ఇంట్లో బయటి గోడ అంచు నుంచి అంచుకు కొలిస్తే ఒక్కో అంతస్తు 1,100 చదరపు అడుగులు. ఇది ప్లింత్ ఏరియా. పైన స్లాబ్ మాత్రం బాల్కనీ, పోర్టికోతో కలిపి బయటికి వచ్చి 1,260 అవుతుంది. మేడ మీద మెట్ల గది ఇంకో 150.

మొదటాయన స్లాబ్ ఎంత పడితే అంతా లెక్కేశాడు. 1,260 చొప్పున రెండు అంతస్తులు, దానికి మెట్ల గది కలిపి 2,670 అడుగులు. 1,850తో గుణిస్తే 49,39,500. రెండో ఆయన ప్లింత్ ఏరియా పూర్తిగా, బాల్కనీలు సగం, మెట్ల గది సగం చొప్పున వేశాడు. 2,200కు 160, 75 కలిపితే 2,435 అడుగులు. 2,100తో గుణిస్తే 51,13,500. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే, ఏదీ మోసం కాదు. “అందరూ స్లాబ్ ఏరియాకే కడతారు సార్” అని మొదటాయన అన్నదాంట్లోనూ తప్పు లేదు. మనం పోల్చేటప్పుడు మాత్రం రెండు మొత్తాలనూ ఒకే అంకెతో భాగించాలి. రెండింటినీ 2,200తో భాగిస్తే మొదటిది అడుగుకు 2,245, రెండోది 2,324. మా తమ్ముడికి నిద్ర పట్టనివ్వని 250 తేడా 79కి దిగింది.

కొటేషన్‌లో ‘బిల్టప్ ఏరియా’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఒప్పుకోకండి. బాల్కనీ ఎంత శాతం, పోర్టికో ఎంత, సజ్జాలు లెక్కలోకి వస్తాయా, పిట్టగోడ ఇందులోనే ఉందా, సంపు మీద కప్పు కలుస్తుందా అన్నవి అంకెలతో సహా రాయించండి. ‘మొత్తం ఇన్ని అడుగులు’ అని కాగితం మీద పడ్డాక పనయ్యాక టేపు పట్టుకుని వాదించుకునే అవసరం రాదు.

లేని వాటి కోసం చదవండి

కొటేషన్‌లో రాసినవి అందరూ చదువుతారు. డబ్బు పోయేది రాయని వాటిలో. నేను చేసేదేమిటంటే, మట్టి పని నుంచి గృహప్రవేశం రోజు గేటు దాకా ఇంటికి కావలసినవన్నీ నా సొంతంగా ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటాను. తర్వాత ఒక్కో కొటేషన్ తీసి, ఆ వరుసలో ఏది ఉంది, ఏది లేదు, ఏది ‘ఓనర్ స్కోప్’, అంటే ఇంటివాళ్లే పెట్టుకోవాల్సిన ఖర్చు అన్నారో టిక్కు పెడతాను. కాంట్రాక్టర్ కాగితం పట్టుకుని చదివితే లేనిది కనపడదు. మన కాగితం పట్టుకుని చదివితేనే కనపడుతుంది.

బేస్‌మెంట్ సంగతి చూడండి. మొదటాయన నేల మట్టం నుంచి 2 అడుగులు అని రాశాడు. ఆ వీధిలో సీసీ రోడ్డు వేసి ఎత్తు పెంచారు కాబట్టి మాకు మూడున్నర అడుగులు కావాలి. మిగిలిన అడుగున్నర నింపడానికి 1,100 అడుగుల మీద 1,650 ఘనపుటడుగుల మట్టి కావాలి. తొక్కించి నీళ్లు కొడితే మట్టి దిగుతుంది కాబట్టి పాతిక శాతం ఎక్కువ తెప్పించాలి. నూరు అడుగుల ట్రాలీతో ఇరవై ట్రాక్టర్లకు పైమాటే. మట్టి, తొక్కించే కూలి, చుట్టూ పెరిగే గోడ కలిపి 85,000 పడుతుందని తేలింది. రెండో ఆయన 3 అడుగులు రాశాడు కాబట్టి ఆయన మీద 30,000 వేశాం. ‘నేల మట్టం నుంచి’ అన్న మాట దగ్గర కూడా ఆగండి. రోడ్డు మట్టం నుంచి అని రాయించుకోవాలి. మీ స్థలం రోడ్డు కన్నా పల్లంగా ఉంటే ఆ పల్లం ఎవరి ఖాతాలో పడుతుందో ఆ ఒక్క మాటే చెబుతుంది.

సంపు, సెప్టిక్ ట్యాంకు మొదటాయన కాగితంలో లేవు. 6,000 లీటర్ల సంపు లీటరుకు 18 చొప్పున 1,08,000, సెప్టిక్ 70,000. ప్రహరీ గోడ మొదటి ఇద్దరిలో ఎవరూ రాయలేదు. 130 రన్నింగ్ అడుగులకు అడుగు 1,400 చొప్పున 1,82,000. మెట్లకు, బాల్కనీకి స్టీలు రెయిలింగ్ మొదటాయన దగ్గర లేదు. అది 66,000.

ఇవి పూర్తిగా లేనివి, కాబట్టి వెతికితే దొరుకుతాయి. సగం ఉన్నవాటిని పట్టుకోవడం కష్టం. ‘మంచి క్వాలిటీ టైల్స్’, ‘స్టాండర్డ్ కంపెనీ వైర్లు’ లాంటి మాటలు కనపడిన చోటల్లా పెన్నుతో గీత గీయండి. మంచి అన్నది ఎవరి మంచి? మొదటాయన్ను అడిగితే టైల్స్ అడుగు 45 వరకు అన్నాడు. మా మరదలు షాపులో చూసి ఇష్టపడ్డది 75. 2,000 అడుగుల టైల్స్ మీద ఆ ముప్పై రూపాయలు 60,000 అవుతాయి. రెండో ఆయన 65 అని ముందే రాశాడు, తేడా 20,000. టైల్స్ ధర అంటే షాపులో కొనే ధరా, లేక వేసే కూలి, సిమెంటు కలిపిన ధరా అని కూడా అడగండి. తలుపులకు మొదటాయన ‘నాన్ టేకు’ అని రాశాడు. సింహద్వారం టేకుదే కావాలన్నది పిన్ని మాట, దానికి 40,000 కలిపాం.

కొటేషన్ చివరి పేజీలో, సంతకం పైన ఉండే వరుసల్లో ‘పన్నులు అదనం’ అన్నది అన్నిటికన్నా బరువైనది. మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు ఇస్తే జీఎస్టీ లెక్కలో అది వర్క్స్ కాంట్రాక్టు, 18 శాతం. 49,39,500 మీద అది దాదాపు 8,89,000. ఒకే ఇల్లు కట్టుకునేవాళ్లు మెటీరియల్ తామే కొని ఉత్త లేబర్ కాంట్రాక్టు ఇస్తే ఆ కూలి మీద జీఎస్టీ లేదు. మెటీరియల్ కొనేటప్పుడు మాత్రం బిల్లులో పన్ను కడతారు. మొదటాయన కాగితంలో ‘పన్నులు అదనం’ అన్న రెండు ముక్కలు చూసి ఫోన్ చేశాం. ఆయన వాటిని కొట్టేసి ‘అన్ని పన్నులతో కలిపి’ అని రాసి సంతకం పెట్టాడు. అడగకపోతే మాత్రం ఆ రెండు ముక్కలు అలాగే ఉండేవి.

ఐటమ్ రేటు కాగితాన్ని వేరేగా చదవాలి

మూడో ఆయన లిస్టులో ప్రహరీ, సంపు, సెప్టిక్, రెయిలింగ్ అన్నీ ఉన్నాయి. చూడగానే నమ్మకం కలిగించే కాగితం. ఐటమ్ రేటులో రేటుకే హామీ, పరిమాణానికి కాదు. లిస్టులో రాసిన పరిమాణం ఒక అంచనా మాత్రమే. పనయ్యాక కొలిచి, ఎంత వస్తే అంతకు డబ్బు కట్టాలి. కాబట్టి మొత్తం తక్కువగా కనపడాలంటే రేటు తగ్గించనక్కరలేదు, పరిమాణం తక్కువ రాస్తే చాలు.

స్టీలు దగ్గర అదే దొరికింది. ఆయన 8,200 కిలోలు రాశాడు. 2,670 అడుగుల స్లాబ్‌తో భాగిస్తే అడుగుకు మూడు కిలోలు. ఇలాంటి రెండంతస్తుల ఇళ్లకు సాధారణంగా మూడున్నర, నాలుగు దాకా పడుతుంది. అనుమానం వచ్చి స్ట్రక్చరల్ డ్రాయింగు ముందు పెట్టుకుని ఒక్కో బీమ్, ఒక్కో స్లాబ్‌లో కడ్డీల పొడవు లెక్కేశాను. మీటరు బరువు తెలియాలంటే కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని d²/162 వేస్తే కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం కడ్డీకి మీటరుకు 0.89 కిలో. మొత్తం 9,600 కిలోలు తేలింది. 1,400 కిలోల తేడా, కిలో 80 చొప్పున 1,12,000. ఆయన కావాలని చేశాడో, తొందరలో వేశాడో నాకు తెలియదు. కట్టేది మాత్రం మనమే కదా. మీకు ఈ లెక్క రాకపోతే డ్రాయింగు గీసిన ఇంజినీరునే స్టీలు, కాంక్రీటు, ఇటుక పని పరిమాణాలు రాసిమ్మని అడగండి. ఆ పరిమాణాలున్న ఖాళీ లిస్టును కాంట్రాక్టర్లకిచ్చి రేట్లు మాత్రమే నింపమంటే ఈ చిక్కే ఉండదు.

రెండోది, కొలిచే పద్ధతి. ప్లాస్టరింగ్ కొలిచేటప్పుడు తలుపులు, కిటికీల ఖాళీలను తీసేస్తారా లేదా? కట్టడం పనుల కొలతలకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి గోడ ఒక వైపు మాత్రమే తీసేస్తారు. లోపలి అంచులకు చేసే ప్లాస్టరింగ్‌కు బదులుగా రెండో వైపు వదిలేస్తారు. ఇళ్ల పనుల్లో చాలామంది మేస్త్రీలు అసలు ఏమీ తీసేయరు. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తున్న తలుపులు పది, 1.2 మీటర్ల చదరపు కిటికీలు పన్నెండు అనుకోండి. ఒక వైపు తీసేస్తేనే 38 చదరపు మీటర్లు, అంటే 410 అడుగులు తగ్గుతుంది. ‘కొలతలు ఐఎస్ 1200 ప్రకారం’ అన్న ఒక్క వాక్యం రాయించండి, గొడవ ఉండదు.

మూడోది, రేట్ల వరుస. ముందు జరిగే మట్టి పని, ఫుటింగ్ కాంక్రీటుకు రేటు బాగా ఎక్కువగా, చివర్లో వచ్చే లప్పం, రంగులు, ఫ్లోరింగ్‌కు నమ్మలేనంత తక్కువగా ఉందంటే జాగ్రత్తపడండి. మొత్తం సరిగ్గానే కనపడుతుంది. కానీ ఆయనకు లాభం పునాది దగ్గరే చేతికొస్తుంది, చివరి పనుల్లో మిగిలేది ఏమీ ఉండదు. ఇల్లు లప్పం దశలో ఆగిపోయి నెలల తరబడి మేస్త్రి కోసం తిరిగేవాళ్ల బిల్లులు తీసి చూస్తే చాలాసార్లు ఇదే ఉంటుంది. మొదటి రెండు కొటేషన్లలో ఇదే తేడా పేమెంట్ స్టేజీల్లో కనపడుతుంది. మొదటాయన బేస్‌మెంట్ అయ్యేసరికి 40 శాతం అడిగాడు. అప్పటికి అయ్యే పని అందులో సగం కూడా ఉండదు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టండి

| అంశం | మొదటి | రెండో | మూడో |
|---|---|---|---|
| కొటేషన్ మొత్తం | 49,39,500 | 51,13,500 | 53,80,000 |
| బేస్‌మెంట్ ఎత్తు, మట్టి | 85,000 | 30,000 | – |
| సంపు, సెప్టిక్ | 1,78,000 | – | – |
| ప్రహరీ | 1,82,000 | 1,82,000 | – |
| టైల్స్ తేడా | 60,000 | 20,000 | – |
| సింహద్వారం | 40,000 | – | – |
| రెయిలింగ్ | 66,000 | – | – |
| తక్కువ రాసిన స్టీలు | – | – | 1,12,000 |
| అసలు మొత్తం | 55,50,500 | 53,45,500 | 54,92,000 |

అన్నిటికన్నా చవక అనుకున్నది అన్నిటికన్నా ఖరీదైనదని తేలింది. మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు.

ఎవరికి ఏ పద్ధతి

ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అన్న మొత్తం కాంట్రాక్టులో కాంట్రాక్టర్‌కు లాభం పని తగ్గిస్తే వస్తుంది. ఐటమ్ రేటులో పని పెరిగితే వస్తుంది. దీన్ని బట్టి మీ కాపలా ఎక్కడ పెట్టాలో తెలుసుకోండి. మొదటి పద్ధతి తీసుకుంటే స్లాబ్ వేసే ముందు రోజు ఇంజినీరును తీసుకెళ్లి డ్రాయింగు ప్రకారం కడ్డీలు, వాటి మధ్య దూరం చూపించాలి. రెండోది తీసుకుంటే ప్రతి కొలత దగ్గర మీ మనిషి ఉండి, కొలతల పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలి. మీరు ఊళ్లో లేకుండా, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ఊళ్లో ఇల్లు కట్టిస్తుంటే, కొలిచే మనిషి లేకుండా ఐటమ్ రేటుకు వెళ్లొద్దని నా మాట.

నేల కింద ఏముందో తెలియనప్పుడు మొత్తం కాంట్రాక్టులో ఎవరో ఒకరు నష్టపోతారు. అలాంటి చోట ప్లింత్ బీమ్ వరకు ఐటమ్ రేటు, ఆ పైన ఎస్‌ఎఫ్‌టీ రేటు పెట్టుకోవడం మంచి పద్ధతి. మేం గుంతలు తీసి చూశాం, డ్రాయింగులు ఉన్నాయి, ప్లాను మారదు అనుకున్నాం. కాబట్టి రెండో ఆయన దగ్గర మొత్తం కాంట్రాక్టే తీసుకున్నాం.

సంతకానికి ముందు మూడు కాగితాలు జత చేయించాం. ఒకటి స్ట్రక్చరల్ డ్రాయింగులు. రెండోది కంపెనీ పేరు, మోడల్, ధర పరిమితితో టైల్స్, వైర్లు, ట్యాపులు, రంగుల పట్టిక. మూడోది అదనపు పనుల రేట్ల పట్టిక: అదనంగా గోడ కడితే ఎంత, ఒక కరెంటు పాయింటు పెరిగితే ఎంత, సంపు లీటరు పెరిగితే ఎంత. ధరలు పెరిగితే అదనం అన్న షరతు ఆయన కాగితంలోనూ ఉంది. ఆ రోజు సిమెంటు బస్తా ధర, స్టీలు టన్ను ధర అందులో రాయించి, 5 శాతం దాటిన మేరకే, పెరిగినా తగ్గినా రెండు వైపులా వర్తిస్తుందని మార్పించాం. చివరి 5 శాతం ఇల్లు అప్పగించిన ఆరు నెలలకు ఇచ్చేలా పెట్టాం. ఒక వానాకాలం దాటితే గానీ స్లాబ్ కారేదీ లేనిదీ తెలియదు.

పని నడుస్తుండగా మా తమ్ముడికి ఆ వీధిలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని తెలిసి సంపు 8,000 లీటర్లకు పెంచమన్నాడు. కాంట్రాక్టర్ జత చేసిన మూడో కాగితం తీశాడు. 2,000 లీటర్లు, లీటరు 18 చొప్పున 36,000. ఇద్దరూ అక్కడే రాసుకుని సంతకాలు పెట్టారు, సాయంత్రానికి గుంత పెద్దది చేయడం మొదలైంది.